నిరుడు వెయ్యి, ఈ ఏడు తొమ్మిది వందల డెబ్బై

కార్ల కంపెనీలకు విడిభాగాలు చేసిచ్చే కర్మాగారాల్లో ఫిబ్రవరి వచ్చిందంటే ఒక ఉత్తరం గురించిన బెంగ మొదలవుతుంది. అందులో ఉండే సంగతి ఒక్కటే: నిరుడు మాకిచ్చిన ధర మీద ఈ ఏడు ఇన్ని శాతం తగ్గించి ఇవ్వండి. వస్తువు అదే, కొలతలు అవే, యంత్రాలు అవే, చేసే మనుషులూ వాళ్లే. జీతాలు పెరుగుతాయి, కరెంటు చార్జీలు పెరుగుతాయి. ధర మాత్రం తగ్గాలి.

హైదరాబాద్ శివార్లలో అలాంటి ఒక కర్మాగారంలో నేను కొన్నేళ్లు ఖర్చుల లెక్కలు చూశాను. మొదటి ఏడాది ఆ ఉత్తరం చదివి మా మేనేజరు గారి గదికి వెళ్లి, "మూడు శాతం ఎక్కణ్నుంచి తెస్తాం సార్?" అని అడిగాను. ఆయన జవాబు చెప్పకుండా లేచి, నన్ను షెడ్డు వెనక స్క్రాప్ పోసే చోటికి తీసుకెళ్లారు. ప్రెస్సు కింద బ్రాకెట్లు కొట్టుకోగా మిగిలిన ఇనుప పట్టీలు అక్కడ గుట్టగా పడి ఉన్నాయి. ఒక పట్టీ తీసి నా చేతికిచ్చి, రెండు రంధ్రాల మధ్య వేలు పెట్టి చూడమన్నారు. నా చిటికెన వేలు పూర్తిగా పట్టింది. రేకు మందం రెండు మిల్లీమీటర్లు. అంత పలచటి రేకుకు రంధ్రాల మధ్య మూడు మిల్లీమీటర్ల ఎడం చాలు. మిగతాదంతా మేం టన్నుల లెక్కన కొని, కిలోల లెక్కన తెగనమ్ముకుంటున్న ఇనుము.

ఇప్పటికే తయారవుతున్న వస్తువు మీద, ఏటేటా, ముందుగా ఒక అంకె పెట్టుకుని ఖర్చు తగ్గించుకుంటూ వెళ్లడాన్ని జపాన్ వాళ్లు 'గెంకా కైజెన్' అంటారు. గెంకా అంటే తయారీ ఖర్చు. కైజెన్ అంటే మంచివైపు మార్పు. ప్రపంచమంతా కైజెన్ కాస్టింగ్ అంటోంది. దీనికి అన్నలాంటిది ఇంకొకటి ఉంది, 'గెంకా కికాకు'. అది వస్తువు ఇంకా కాగితం మీద ఉన్నప్పుడే, మార్కెట్లో పలికే ధరలోంచి లాభం తీసేసి, మిగిలిన సొమ్ములో తయారయ్యేలా డిజైన్ చేయడం. పెద్ద పొదుపంతా అక్కడే జరిగిపోతుంది. ఏ లోహం, ఎన్ని భాగాలు, ఎన్ని వెల్డింగులు అన్నది డిజైన్‌లోనే ఖాయమైపోతుంది కాబట్టి, ఉత్పత్తి మొదలయ్యాక షాపు ఫ్లోర్‌కు మిగిలేది చిన్న మొత్తమే. ఆ చిన్న మొత్తాన్ని ఏరుకునే పద్ధతే కైజెన్ కాస్టింగ్.

దీని చరిత్రలో అందరూ చెప్పుకునే ఘట్టం టొయోటాది. 1973 చివర్లో చమురు సంక్షోభం వచ్చి ఖర్చులు పెరిగి, కరోలా కారు మీద లాభం పడిపోయింది. అప్పటికే రోడ్ల మీద తిరుగుతున్న కారు అది, కొత్తగా డిజైన్ చేసేదేం కాదు. ఖర్చు తగ్గించడానికి కంపెనీ ఒక కమిటీ వేసి, దాని కింద తయారీకి, డిజైన్‌కు, కొనుగోళ్లకు మూడు ఉపసంఘాలు పెట్టింది. కారు ఒక్కింటికి పదివేల యెన్లు, ఆరు నెలల్లో. 1975 మే నాటికి లక్ష్యాన్ని దాటి 128 శాతం సాధించారని ఈ విషయం మీద విస్తారంగా రాసిన ఆచార్యుడు యసుహిరో మోండెన్ నమోదు చేశారు. ఆయనే కజుకి హమాదాతో కలిసి 1991లో డైహట్సు కార్ల కంపెనీ లెక్క వేసే తీరును ఒక పరిశోధనా పత్రంలో వివరించారు. వార్షిక లక్ష్యం ఎలా పుడుతుంది, షాపు దాకా ఎలా దిగుతుంది అన్నది అందులోంచే మిగతా ప్రపంచానికి తెలిసింది.

ఆ లెక్కకు పెద్ద చదువు అక్కర్లేదు. గుండ్రటి అంకెలతో ఒక ఊహా కర్మాగారాన్ని తీసుకుందాం. అది కారు సీట్ల ఇనుప ఫ్రేములు చేస్తుంది. నిరుడు లక్ష ఫ్రేములు చేసింది, మొత్తం ఖర్చు 10 కోట్లు. అంటే ఫ్రేముకు వెయ్యి రూపాయలు. ఈ ఏడు లక్షా ఇరవై వేల ఫ్రేములకు ఆర్డరు ఉంది. నిరుటి ఖర్చుతోనే చేస్తే 12 కోట్లవుతుంది. యాజమాన్యం మూడు శాతం తగ్గించాలనుకుంది. 12 కోట్లలో మూడు శాతం 36 లక్షలు. ఇదీ ఈ ఏటి లక్ష్యం. ఫ్రేము మీద చూస్తే ముప్ఫై రూపాయలు.

ఇక్కడొక తేడా గమనించాలి. మామూలు కాస్ట్ అకౌంటింగ్‌లో ఇంజినీర్లు కూర్చుని ఒక ప్రామాణిక ఖర్చు రాస్తారు. ఏడాదంతా దాన్ని దాటకుండా ఉంటే చాలు, ఎవరూ ఏమీ అడగరు. కైజెన్ కాస్టింగ్‌కు ఆధారం అలా రాసుకున్న అంకె కాదు, నిరుడు నిజంగా అయిన ఖర్చు. దాన్ని అందుకోవడం సరిపోదు, దానికంటే కిందికి దిగాలి. వచ్చే ఏడాది లెక్క మళ్లీ ఆ దిగిన చోటునుంచే మొదలవుతుంది.

36 లక్షలను ఇప్పుడు షాపులకు పంచాలి. మన కర్మాగారంలో ప్రెస్ షాపు, వెల్డింగ్ షాపు, పెయింట్ షాపు అని మూడున్నాయి. డైహట్సు పద్ధతిలో పంపకం సమానంగా జరగదు. ఎవరి చేతిలో ఎంత ఖర్చు ఉందో ఆ నిష్పత్తిలో జరుగుతుంది. పది కోట్లలో మూడు కోట్లు షెడ్డు అద్దె, యంత్రాల తరుగుదల, ఆఫీసు జీతాలు. వాటిని వెల్డింగ్ ఫోర్‌మన్ తగ్గించలేడు, తగ్గించమని అడగడం అన్యాయం. మిగిలిన ఏడు కోట్లు ఇనుము, వైరు, గ్యాసు, కరెంటు, రంగు, షాపు కూలి. ఇందులో సగం ప్రెస్ షాపు ఖర్చు, ముప్ఫై శాతం వెల్డింగ్‌ది, ఇరవై శాతం పెయింట్‌ది అనుకుంటే ప్రెస్ షాపుకు 18 లక్షలు, వెల్డింగ్‌కు 10 లక్షల 80 వేలు, పెయింట్‌కు 7 లక్షల 20 వేలు పడతాయి. ఫ్రేముకు పదిహేను, తొమ్మిది, ఆరు రూపాయలు. వెల్డింగ్ ఫోర్‌మన్‌కు 36 లక్షలంటే ఏమీ అర్థం కాదు. ఫ్రేముకు తొమ్మిది రూపాయలంటే వెంటనే అర్థమవుతుంది. ఎక్కడ వెతకాలో కూడా తడుతుంది.

నా అనుభవంలో ఈ పద్ధతి ఎక్కువగా దెబ్బతినేది పొదుపు చేసే చోట కాదు, పొదుపును కొలిచే చోట. అందుకే దాని గురించి కొంచెం వివరంగా చెబుతాను.

మన ఊహా కర్మాగారంలో ఏడాది పొడుగునా ఎవరూ ఏ మార్పూ చేయలేదనుకోండి. పట్టీల మధ్య ఎడం అలాగే ఉంది, గ్యాసు అలాగే పోతోంది. ఖర్చు ఎంతవుతుంది? షాపుల చేతిలో ఉన్న ఏడు కోట్లు దాదాపు ఫ్రేముల సంఖ్యతోపాటు పెరిగి 8 కోట్ల 40 లక్షలవుతాయి. అద్దె, తరుగుదల, ఆఫీసు జీతాలు మాత్రం అదే మూడు కోట్లు. మొత్తం 11 కోట్ల 40 లక్షలు. మనం వేసుకున్న 12 కోట్లకంటే 60 లక్షలు తక్కువ. 36 లక్షల లక్ష్యానికి 60 లక్షలు సాధించినట్టు కనిపిస్తుంది. ఫ్రేము ఖర్చు వెయ్యి నుంచి 950కి దిగింది. ఏడాది చివర మీటింగులో చప్పట్లు కూడా కొడతారు. నిజానికి జరిగింది ఒక్కటే, అదే అద్దె ఎక్కువ ఫ్రేముల మీద పరుచుకుంది.

తిరగేసి చూడండి. ఆర్డర్లు పడిపోయి 80 వేల ఫ్రేములే చేశారు. కార్మికులు నిజంగా కష్టపడి ఫ్రేముకు ముప్ఫై రూపాయలు మిగిల్చారు. అయినా మూడు కోట్లు 80 వేల ఫ్రేముల మీద పడేసరికి ఒక్కోదానికి 375 రూపాయలు అంటుకుంటుంది. ఏడు వందల్లో ముప్ఫై పోగా 670, దానికి 375 కలిపితే 1,045. నిరుటికంటే 45 రూపాయలు ఎక్కువ. ఎంత చేసినా లాభం లేదని వాళ్లను తిట్టే మేనేజర్లు ఉంటారు. ఒక మంచి షాపు మనసు విరిగిపోయేది సరిగ్గా ఇక్కడే.

కాబట్టి షాపులో కొలవాల్సింది రూపాయలకంటే ముందు వస్తువు వాడకం. ఫ్రేముకు ఎన్ని కిలోల ఇనుము, ఎన్ని నిమిషాల పని, ఎన్ని యూనిట్ల కరెంటు, ఎన్ని లీటర్ల గ్యాసు. ఆ వాడకాన్ని నిరుటి ధరతోనే గుణించాలి. ఇనుము ధర మధ్యలో పడిపోతే అది మార్కెట్ చలవ, పెరిగితే అది ప్రెస్ షాపు తప్పు కాదు. లెక్క ఇలా విడదీసి చూపమని కార్మికులే అడిగిన చోట్లున్నాయి. అడిగినవాళ్లది న్యాయం.

మళ్లీ ఆ స్క్రాప్ గుట్ట దగ్గరికి వద్దాం. ఫ్రేముకు నాలుగు కిలోల రేకు పడుతోంది, అందులో ఫ్రేముగా మిగిలేది 3.2 కిలోలు. డైలో పట్టీ జరిగే అడుగును తగ్గించి, బ్రాకెట్లను దగ్గర దగ్గరగా కొట్టుకుంటే ఫ్రేముకు 120 గ్రాములు మిగులుతుందని తేలింది. రేకు కిలో డెబ్బై రూపాయలనుకుంటే ఎనిమిది రూపాయల నలభై పైసలు. మొదట్లో నేనూ అలాగే రాసేవాణ్ని. మా మేనేజరు గారు ఎర్ర సిరాతో కొట్టేసి, "స్క్రాప్ డబ్బులు ఎవరిస్తారోయ్?" అని పక్కన రాశారు. ఆ 120 గ్రాములు ఊరికే మాయమైపోయేది కాదు. స్క్రాప్‌గా కిలో ముప్ఫై రూపాయలకు అమ్ముడుపోయేది. ఇప్పుడా ఆదాయం లేదు. కిలోకు నిజంగా మిగిలింది నలభై. ఫ్రేముకు నాలుగు రూపాయల ఎనభై పైసలు. ఏడాదికి 5 లక్షల 76 వేలు. ప్రెస్ షాపు వాటా పదిహేను రూపాయల్లో మూడో వంతు కూడా కాలేదు. అయినా అది ఖాయమైన సొమ్ము. ఏ ఏడాది చూసినా మిగులుతూనే ఉంటుంది.

వెల్డింగ్ షాపులో సంగతి వేరు. అక్కడ అందరి కన్నూ మొదట టైము మీద పడుతుంది. భాగాలు పెట్టే ట్రే వెల్డర్ వెనకాల ఉంది, దాన్ని పక్కకు తెస్తే ఫ్రేముకు ఇరవై సెకన్లు తగ్గుతాయి. సంవత్సరానికి మూడు వందల పనిదినాలు, రోజుకు నాలుగు వందల ఫ్రేములు. ఇరవై సెకన్లంటే రోజుకు 8,000 సెకన్లు, రెండు గంటల పదమూడు నిమిషాలు. దీన్ని గంట కూలితో గుణించి పొదుపు అని రాసేస్తారు. నెలాఖరున జీతాల చిట్టా తీసి చూడండి, ఒక్క రూపాయి తగ్గదు. పది మంది వెల్డర్లు నిన్నా ఉన్నారు, ఇవాళా ఉన్నారు. ఒక్కొక్కరికీ కొంచెం తీరిక దొరికింది, అంతే.

ఎనిమిది గంటల షిఫ్టులో ఒక మనిషి పని పూర్తిగా మిగలాలంటే ఫ్రేముకు 72 సెకన్లు తగ్గాలి. ఇరవై కాదు. టొయోటాలో తైచి ఓనో ఈ మాట గట్టిగా చెప్పేవాడు: 0.9 మనిషి పని మిగిలితే ఏమీ మిగలనట్టే, పూర్తిగా ఒకరు మిగిలితేనే అది లెక్క. కాబట్టి చిన్న చిన్న సెకన్లను ఒక్కో వెల్డర్ దగ్గరా వదిలేయకూడదు. పనులు మళ్లీ పంచి, ఆ ఖాళీ అంతా ఒకే మనిషి దగ్గర చేరేలా చూడాలి. అప్పటికీ ఆ మనిషి ఖర్చు నెలకు 25 వేలనుకుంటే ఏడాదికి మూడు లక్షలు, ఫ్రేముకు రెండున్నర రూపాయలే.

మరి ఆ మిగిలిన మనిషిని ఏం చేస్తారు? ఈ పద్ధతి బతకాలా చావాలా అన్నది ఇక్కడ తేలిపోతుంది. 1950లో టొయోటాలో ఉద్యోగాల కోత మీద పెద్ద సమ్మె జరిగింది, స్థాపకుడు కీచిరో టొయోడా పదవి వదిలేశాడు. ఆ తర్వాత లైనులోంచి మనిషిని తీసేటప్పుడు పనిలో అందరికంటే గట్టివాణ్ని తీసి, ఇంకో చోట మెరుగుదల పనికి పెట్టడం అక్కడ ఆనవాయితీ అయింది. మన దగ్గర చాలా చోట్ల దీనికి పూర్తిగా ఎదురు జరుగుతుంది. మొదట కాంట్రాక్టు కార్మికుణ్ని గేటు బయట పెడతారు. మర్నాటినుంచి ఆ షాపులో ఒక్కరూ నోరు విప్పరు. ఎందుకు విప్పాలి? తన ఉపాయం పక్కవాడి అన్నం తీసేస్తుందని తెలిశాక చెప్పేవాడు ఎవడుంటాడు?

నోరు విప్పితే ఏం తెలుస్తుందో ఒక సంగతి చెప్తాను. మా వెల్డింగ్ షాపులో ఒక పెద్దాయన ఉండేవాడు. గ్యాసు సిలిండర్లు ఎక్కువగా ఖాళీ అవుతున్నాయని నేను కాగితాలు పట్టుకుని తిరుగుతుంటే, నన్ను తన బూత్ దగ్గరికి పిలిచాడు. "ఇటు చూడండి సార్" అని రెగ్యులేటర్ పక్కనున్న గాజు గొట్టం చూపించాడు. లోపల చిన్న గుండు నిమిషానికి 22 లీటర్ల గీత మీద ఆడుతోంది. వెల్డు మీదికి గాలి తగలకుండా ఆ గ్యాసు కాపు కాస్తుంది, దానికి పదిహేను లీటర్లు సరిపోతుంది. "ఎండాకాలం ఫ్యాన్లు వేసుకుంటే గ్యాసు చెదిరిపోతోందని పెంచారు సార్. చలికాలం వచ్చాక మళ్లీ ఎవరూ తగ్గించలేదు." అన్ని బూతులూ అలాగే ఉన్నాయి. ఫ్యాన్లను వెల్డు మీదికి కొట్టకుండా తిప్పి, మీటర్లను పదిహేను దగ్గర పెట్టి, గీత దగ్గర పెయింటుతో గుర్తు వేశాం. పైసా పెట్టుబడి లేదు. ఆ వివరం ఏ లెడ్జరులోనూ ఉండదు, బూతులో నిలబడే మనిషికే తెలుస్తుంది.

అదే చోట పొరపాటు కూడా చూశాను. పదిహేనుకు తగ్గించి మెప్పు పొందాక, ఇంకో ఏడాది లక్ష్యం కోసం ఎవరో ఎనిమిదికి దించారు. రెండు వారాలు సిలిండర్ల లెక్క బ్రహ్మాండంగా ఉంది. మూడో వారం నుంచి వెల్డులో గుండుసూది మొనంత రంధ్రాలు కనిపించాయి. గ్రైండింగ్ చేసి మళ్లీ వెల్డు చేసే ఫ్రేములు పెరిగాయి. గ్యాసులో మిగిలింది రీవర్కులో పోయింది. మన చేతిలో ఉన్నది సీటు ఫ్రేము, గుద్దుకున్నప్పుడు మనిషిని పట్టి ఉంచాల్సింది అదే. రంధ్రం లోపల దాగి ఉంటే పైకి కనిపించకపోవచ్చు. కార్ల కంపెనీలు రేకు, వెల్డు సెట్టింగు, డై లాంటివి ఏం మార్చినా ముందుగా తమ అనుమతి తీసుకోమనేది ఇందుకే. అనుమతి లేని పొదుపును నేనైతే పొదుపు అనను. పొదుపు నిజమైనదో కాదో తెలుసుకోవడానికి ఒక దగ్గరి దారి ఉంది. తగ్గిన ఖర్చు పక్కనే రీవర్కు సంఖ్య, తిరిగొచ్చిన సరుకు సంఖ్య, ఓవర్‌టైము గంటలు రాయాలి. వాటిలో ఏదైనా పెరుగుతుంటే ఖర్చు తగ్గలేదని, చోటు మారిందని అర్థం.

ఇలా ఎన్నేళ్లు సాగుతుంది? మొదటి ఏడాది స్క్రాప్, గ్యాసు, కరెంటు లాంటివి చేతికందే ఎత్తులో ఉంటాయి. మూడో ఏడాది వెతుక్కోవాలి. అయిదో ఏడాది వచ్చేసరికి అదే డై, అదే డిజైన్‌లో మిగిలేది చాలా తక్కువ. అయినా ఉత్తరంలో శాతం మాత్రం మారదు. అప్పుడు న్యాయమైన దారి వస్తువు డిజైన్‌నే మార్చమని అడగడం. రెండు బ్రాకెట్లను ఒకటి చేయవచ్చా, ఈ వెల్డు అవసరమా అని కార్ల కంపెనీ ఇంజినీర్లతో కూర్చుని తేల్చుకోవాలి. కరోలా కమిటీలో డిజైన్ ఉపసంఘం ఉన్నది అందుకే. అది లేకుండా తయారీవాళ్లనూ సప్లయర్నీ మాత్రమే నొక్కితే, సప్లయరు తన కింద ఉన్న ఇంకా చిన్న జాబ్‌వర్క్ షెడ్డును నొక్కుతాడు, ఆ షెడ్డువాడు కూలి ఆపుతాడు. దాన్ని కైజెన్ అనడం ఆ మాటకు అవమానం.

మీకు చిన్న కర్మాగారం ఉండి ఈసారి అలాంటి ఉత్తరం వస్తే, శాతం మీద బేరానికి కూర్చునే ముందు ఒక పని చేయండి. ఏప్రిల్ ఒకటో తారీఖున స్క్రాప్ బిన్ను తూకం వేయించి, గ్యాసు సిలిండర్లు, కరెంటు మీటరు, రీవర్కు అయిన ముక్కలు లెక్కపెట్టించి, ఆ రోజు చేసిన వస్తువుల సంఖ్యతో భాగించి గోడ మీద రాయించండి. నెల తిరిగేసరికి అదే తారీఖున మళ్లీ రాయించండి. ఆ అంకెల కింద, ఇక్కడ మిగిలిన పని వల్ల ఎవరి ఉద్యోగమూ పోదని కూడా రాయించి, మీ సంతకం పెట్టండి.